ఉమ్మడి ఖాతా: ఎవరి సంతకం చెల్లుతుంది?

బ్యాంకులో ఇద్దరి పేర్ల మీద ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చే దరఖాస్తు ఫారంలో పేర్లు, చిరునామాలు, ఫోటోలు అతికించే చోట్లు అన్నీ దాటిన తరువాత ‘ఖాతా నిర్వహణ విధానము’ అనే శీర్షిక క్రింద కొన్ని చిన్న గళ్ళు ఉంటాయి. వాటిలో ఒకదానిలో టిక్కు పెట్టాలి. సాధారణంగా ఆ టిక్కును ఖాతాదారు పెట్టడు. కౌంటరులోని గుమాస్తా “ఐదర్ ఆర్ సర్వైవరే కదండీ?” అని ఒక్క మాట అడిగి, అవతలివారు తల ఊపగానే తానే పెట్టివేస్తాడు. ఆ గడికి అర్థమేమిటో ఖాతాదారు అడగడు, గుమాస్తా చెప్పడు. ఇద్దరిలో ఒకరు మంచాన పడినప్పుడో, కన్నుమూసినప్పుడో, లేక ఇద్దరికీ పొరపొచ్చాలు వచ్చినప్పుడో ఆ గడి సంగతి బయటికి వస్తుంది. అప్పటికి దానిని మార్చుకొనే వీలు చాలా వరకు చేజారిపోయి ఉంటుంది.

మన విద్యార్థులలో అనేకులకు తల్లితోనో తండ్రితోనో కలిసి ఖాతా ఉన్నది. అందుచేత ఆ గళ్ళలో ముఖ్యమైన రెండింటిని, అనగా ‘ఇద్దరిలో ఎవరైనా లేదా మిగిలినవారు’ అనే ఐదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిని, ‘ఇద్దరూ సంతకం చేయాలి’ అనే జాయింట్లీ పద్ధతిని తీసుకొని, ఆచరణలో అవి ఎట్లా పనిచేస్తాయో ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

ముందుగా ఒక మూలసూత్రం గ్రహించాలి. మనం బ్యాంకులో వేసిన సొమ్ము ఇనప్పెట్టెలో దాచిన నగవంటిది కాదు. అది బ్యాంకుకు మనం ఇచ్చిన అప్పు. బ్యాంకు ఋణస్థుడు, మనం ఋణదాతలం. ఒకే ఋణస్థుడు ఇద్దరికి కలిపి బాకీపడినప్పుడు ఆ బాకీని ఎవరి చేతిలో పెట్టాలి? ఈ ప్రశ్నకు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 45వ సెక్షను సమాధానం చెబుతుంది. వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, ఇద్దరూ జీవించి ఉన్నంతకాలం అడిగే హక్కు ఇద్దరికీ కలిపి ఉంటుంది. ఒకరు మరణించిన పిమ్మట ఆ హక్కు బ్రతికి ఉన్నవారికి, మరణించినవారి వారసులకు కలిపి సంక్రమిస్తుంది.

దీనిని బట్టి ఒక విషయం తేటపడుతుంది. ‘ఇద్దరూ సంతకం చేయాలి’ అనే పద్ధతి బ్యాంకులు కల్పించినది కాదు. చట్టం సహజంగా చెప్పేదే అది. ‘ఎవరైనా లేదా మిగిలినవారు’ అనేదే ఖాతాదారులు కోరి వ్రాయించుకొనే మినహాయింపు. ఏ గడిలోనూ టిక్కు లేని ఫారం ఎక్కడైనా ఉంటే ఆ ఖాతా మొదటి పద్ధతిలోకే వస్తుంది.

ఐదర్ ఆర్ సర్వైవర్ అనే మూడు మాటలలో రెండు వేర్వేరు అనుమతులు ఉన్నాయి. వీటిని కలగలపడం వల్లనే ఎక్కువ చిక్కులు వస్తాయి. ‘ఐదర్’ అనే మాట ఇద్దరూ బ్రతికి ఉన్న కాలానికి సంబంధించినది. ఎవరు చెక్కు వ్రాసినా, ఎవరు విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం చేసినా బ్యాంకు చెల్లిస్తుంది, రెండవవారిని అడగదు. లక్ష రూపాయల నిలువలో తొంభైవేలు తనవే అని భర్త అనుకొన్నా, భార్య ఒక్క సంతకంతో లక్షా తీసుకొనవచ్చును. భర్త కూడా అట్లాగే తీసుకొనవచ్చును. సొమ్ము ఎవరు వేశారన్న విచారణ కౌంటరు వద్ద జరగదు. ‘సర్వైవర్’ అనే మాట మరణానంతరానికి సంబంధించినది. దాని సంగతి తరువాత చూతము.

ఒక చెక్కు మీద ఒకరే సంతకం చేశారు, ఖాతాలో సొమ్ములేక అది తిరిగి వచ్చినది అనుకొందాము. అప్పుడు రెండవవారి మీద కూడా క్రిమినలు కేసు పెట్టవచ్చునా అన్న ప్రశ్న సుప్రీం కోర్టు వరకు వెళ్ళినది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షను క్రింద చెక్కు మీద సంతకం చేసినవారే బాధ్యులనీ, ఉమ్మడి ఖాతాలో పేరు ఉన్నంత మాత్రాన సంతకం చేయనివారు ముద్దాయి కారనీ 2013లో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పినది. ఇది గృహిణులకు కొంత ఊరటనిచ్చే మాట.

ఇద్దరి మధ్య తగవు వచ్చినప్పుడు ఏమి చేయాలి? ‘ఇకమీదట ఒక్కరి సంతకం మీద చెల్లింపులు చేయవద్దు’ అని ఇద్దరిలో ఒకరు వ్రాతపూర్వకంగా బ్యాంకుకు తెలిపితే చాలు, బ్యాంకు ఒంటరి సంతకాలను ఆపివేస్తుంది. ఆ తరువాత ఖాతా నడవాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. తిరిగి పాత పద్ధతికి రావాలన్నా ఇద్దరూ కలిసి వ్రాసి ఇవ్వాలి. ఆపడానికి ఒక్కరు చాలు, తెరవడానికి ఇద్దరు కావాలి. తగవు ముదిరిన తరువాత కాక, ముందుగానే ఈ ఉత్తరం ఇచ్చినవారికి మాత్రమే ఇది ఉపకరిస్తుంది; నిలువ అంతా వెళ్ళిపోయిన తరువాత ఇచ్చే ఉత్తరంతో ప్రయోజనం లేదు.

ఇక ‘ఇద్దరూ సంతకం చేయాలి’ అనే పద్ధతికి వద్దాము. ఒక సంతకమే ఉన్న చెక్కును ‘మరొక సంతకం కావలెను’ అన్న కారణంతో బ్యాంకు తిప్పి పంపుతుంది. పొరపాటున ఒక్క సంతకంతో చెల్లించినచో ఆ సొమ్మును ఖాతాలో ఖర్చు వ్రాసుకొనే హక్కు బ్యాంకుకు సహజంగా ఉండదు. కనుక గుమాస్తాలు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉంటారు. ఏటీఎం కార్డు అంటే ఒక్కరే నొక్కే రహస్యసంఖ్య గనుక ఇటువంటి ఖాతాలకు బ్యాంకులు సాధారణంగా కార్డు ఇవ్వవు. అన్నదమ్ములు ఉమ్మడి పొలం అమ్మి ఆ సొమ్మును పంచుకొనేవరకు నిలువ ఉంచుకొన్నప్పుడు, ఇద్దరు వ్యక్తులు కలిసి ఒక స్థలం కొనడానికి సొమ్ము ప్రోగుచేసుకొంటున్నప్పుడు ఈ పద్ధతే తగినది. దాని రక్షణ నిజమైన రక్షణ. కాని ఒకరు పక్షవాతంతో చేయి కదపలేని స్థితికి వస్తే, లేదా ఉద్యోగరీత్యా రియాద్‌కో దుబాయికో వెళితే, ఇంటి ఖర్చులకు కూడా ఆ ఖాతా అక్కరకు రాదు. ఇంటి ఖాతాకు ఈ పద్ధతి పెట్టుకోవడం ఇంటి వాకిలికి రెండు తాళాలు వేసి తాళపుచెవులు చెరొకరి దగ్గర ఉంచుకొనడం వంటిదని మా అభిప్రాయం.

ఇక్కడ కళాశాల కమిటీ సభ్యుల కోసం ఒక చిన్న మాట. సొసైటీ ఖాతాలో కార్యదర్శి, కోశాధికారి కలిసి సంతకం చేస్తారు గనుక దానిని కూడా ఉమ్మడి ఖాతా అని వాడుకలో అంటుంటారు. అది సరికాదు. ఆ ఖాతా సొసైటీది. సంతకాలు చేసేవారు తీర్మానం వలన అధికారం పొందినవారు మాత్రమే. వారిలో ఒకరు మరణించినా, పదవి విడిచినా మిగిలినవారికి గాని వారసులకు గాని ఆ సొమ్ము మీద ఏ హక్కూ రాదు. కొత్త తీర్మానం ప్రతిని బ్యాంకుకు ఇచ్చి సంతకం మార్పించుకొనాలి, అంతే.

మరణానంతరం ఏమి జరుగుతుందో ఒక కల్పిత ఉదాహరణతో చూతము. కడప జిల్లాలోని ఒక పట్టణంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య ఉన్నారనుకొందాము. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. కుమారుడు జిద్దాలో ఉద్యోగి. కుమార్తె వివాహమై కర్నూలులో ఉన్నది. దంపతుల ఇద్దరి పేర్ల మీద సేవింగ్స్ ఖాతాలో 1,20,000 రూపాయలు, మూడేళ్ళ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 6,00,000 రూపాయలు ఉన్నవి. సొమ్ము అంతా ఉపాధ్యాయుని జీతం, గ్రాట్యుటీల నుండి వచ్చినదే. డిపాజిట్ గడువు ఇంకా పద్నాలుగు నెలలు ఉండగా ఆయన మరణించారు.

ఆయన వ్రాసి ఇచ్చిన చెక్కు ఏదైనా ఇంకా బ్యాంకుకు చేరకుండా ఉంటే, మరణవార్త బ్యాంకుకు తెలిసిన తరువాత అది చెల్లదు. ఆ బాకీని భార్య తన సంతకంతో మరొక చెక్కు వ్రాసి తీర్చుకొనాలి.

రెండు ఖాతాలూ ఐదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో ఉన్నట్లయితే సేవింగ్స్ ఖాతా విషయంలో పని తేలిక. భార్య మరణ ధ్రువీకరణ పత్రం, తన గుర్తింపు పత్రం తీసుకొనివెళ్ళి బ్యాంకువారి ఫారం నింపి ఇస్తే, భర్త పేరు తొలగించి 1,20,000 రూపాయలను ఆమెకు స్వాధీనం చేస్తారు. కోర్టు నుండి వారసత్వ ధ్రువపత్రం తెమ్మని, జామీనుదారులను తెమ్మని బ్యాంకు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2005లోనే చెప్పినది. చెల్లింపు ఆపవలసినదని కోర్టు ఉత్తర్వు ఏదీ లేకపోతే చాలు. కాగితాలన్నీ అందిన 15 రోజులలోగా పని ముగించాలని 2025 సెప్టెంబరు నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలు కూడా చెబుతున్నవి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ దగ్గర మాత్రం చాలామంది తడబడతారు. మేము ఎరిగిన చదువుకొన్నవారు సైతం ‘ఐదర్ ఆర్ సర్వైవర్ అని వ్రాసి ఉన్నదిగదా, ఎప్పుడైనా తీసుకొనవచ్చును’ అనే భ్రమలో ఉంటారు. ఆ మాటలు గడువు నిండిన తరువాత చెల్లింపునకు మాత్రమే వర్తిస్తాయి. గడువు తీరిననాడు ఇద్దరిలో ఎవరి సంతకమైనా చాలును. గడువుకు ముందే తీసుకొనాలంటే ఇద్దరూ బ్రతికి ఉన్నప్పుడు ఇద్దరి సంతకాలూ కావాలి. కారణం వెతికితే దొరుకుతుంది: ఇద్దరూ కలిసి ఇంత కాలానికి, ఇంత వడ్డీకి అని బ్యాంకుతో ఒప్పందం చేసుకొన్నారు. ఆ ఒప్పందాన్ని గడువుకు ముందు రద్దుచేయడం సొమ్ము అందుకొనడం వంటిది కాదు. అది ఒప్పందాన్నే మార్చడం. ఒకరు చేసుకొన్న ఒప్పందాన్ని వేరొకరు మార్చజాలరు గదా!

ఒకరు మరణించిన తరువాత గడువుకు ముందు తీసుకొనాలంటే, మరణించినవారి స్థానంలో వారి వారసుల సమ్మతి కావలసివస్తుంది. మన ఉదాహరణలో ఆ తల్లి ఆసుపత్రి ఖర్చుకు డిపాజిట్ ముందుగా విడిపించుకొనదలిస్తే, జిద్దాలోని కుమారుడు, కర్నూలులోని కుమార్తె సమ్మతిపత్రం ఇవ్వాలి. లేదా ఆమె పద్నాలుగు నెలలు వేచి ఉండాలి. గడువు తీరిననాడు ఎవరి సమ్మతీ లేకుండానే ఆ సొమ్ము ఆమె చేతికి వస్తుంది.

ఈ చిక్కును తప్పించే మార్గం ఒకటి ఉన్నది. ఇద్దరూ జీవించి ఉన్నప్పుడే ‘మాలో ఒకరు మరణించినచో మిగిలినవారు గడువుకు ముందు డిపాజిట్ విడిపించుకొనుటకు మేము ఇరువురమూ సమ్మతించుచున్నాము’ అని ఉమ్మడిగా వ్రాసి ఇవ్వడమే ఆ మార్గం. అటువంటి ఉమ్మడి ఆదేశం ఉంటే బ్యాంకులు ముందస్తు చెల్లింపును మిగిలినవారి ఒక్క సంతకం మీద అనుమతింపవచ్చునని రిజర్వు బ్యాంకు 2012 ఆగస్టులో స్పష్టం చేసినది. డిపాజిట్ తెరిచేటప్పుడే కాక, గడువు లోపల ఎప్పుడైనా ఇది ఇవ్వవచ్చును. ఈ విధంగా మరణం కారణంగా ముందుగా తీసుకొన్నప్పుడు జరిమానా వడ్డీ కోత ఉండదు.

అదే దంపతులు రెండు ఖాతాలకూ ‘ఇద్దరూ సంతకం చేయాలి’ అని పెట్టుకొని ఉంటే? అప్పుడు సర్వైవర్ అన్న మాటే లేదు. సేవింగ్స్ ఖాతాలోని 1,20,000 రూపాయలలో ఒక్క రూపాయి కూడా ఆ తల్లి ఒంటరి సంతకంతో తీసుకొనలేదు. డిపాజిట్ గడువు తీరినా అంతే. బ్యాంకు ఆమెకూ, భర్త వారసులకూ కలిపి చెల్లిస్తుంది. భర్త వారసులలో ఆమె కూడా ఒకరు; అయినా కుమారుడు, కుమార్తె కూడా కాగితాల మీదికి రావాలి. సొమ్మంతా తల్లికే ఇవ్వడానికి వారికి అభ్యంతరం లేదంటే ఆ సంగతి వ్రాసి సంతకం చేయాలి. కుమారుడు పరదేశంలో ఉన్నాడు గనుక అక్కడి భారత కాన్సులేటులో తన సంతకాన్ని ధ్రువీకరింపజేసి పంపవలసి రావచ్చును. ఇటువంటి సందర్భాలలో వాణిజ్య బ్యాంకులు 15 లక్షల రూపాయల వరకు కోర్టు పత్రాలు కోరకుండా, నష్టపూచీ పత్రం, ఇతర వారసుల నిరాక్షేపణ పత్రం, వారసులెవరో తెలిపే ధ్రువీకరణ తీసుకొని చెల్లించే సులభపద్ధతిని 2025 నాటి ఆదేశాలు విధించినవి; సహకార బ్యాంకులకు ఈ పరిమితి 5 లక్షలు. పిల్లలు కలిసికట్టుగా ఉన్న ఇంట్లో ఇది కొన్ని వారాల ఆలస్యమే. వారిలో ఒక్కరు సంతకం చేయనంటే మాత్రం సివిలు కోర్టు మెట్లు ఎక్కక తప్పదు.

ఇంతవరకు సొమ్ము ఎవరి చేతికి వస్తుందన్న ప్రశ్నే చూచినాము. అది ఎవరిదన్న ప్రశ్న వేరు. ‘సర్వైవర్’ అనే గడిలో టిక్కు పెట్టినంత మాత్రాన భర్త సొమ్ము భార్యకు దానమైపోదు. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1928లో గురాన్ దిత్తా, రామ్ దిత్తా అనే వారి వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ ఎదుటికి సరిగ్గా ఇటువంటి డిపాజిట్టే వచ్చినది: భర్త తన సొమ్మును తన పేర, భార్య పేర, ఎవరికైనా లేదా మిగిలినవారికి చెల్లించవలసినదిగా బ్యాంకులో ఉంచినాడు. అతని మరణానంతరం ఆ సొమ్ము ఆమె సొంతమవుతుందా అని ప్రశ్న. కాదనే తీర్పు. భర్త భార్య పేరున ఉంచిన సొమ్మును కానుకగా భావించే ఆంగ్ల సంప్రదాయం భారతదేశంలో లేదనీ, కానుక ఇచ్చే ఉద్దేశం ఉన్నట్లు వేరే నిదర్శనం ఉండాలనీ ప్రీవీ కౌన్సిల్ అభిప్రాయపడినది. రిజర్వు బ్యాంకు సైతం, మిగిలినవారు ఆ సొమ్మును వారసుల తరఫున ధర్మకర్తగా అందుకొంటున్నారన్న మాటను వారికి స్పష్టంగా తెలియజేయాలని బ్యాంకులకు చెప్పినది. సర్వైవర్‌కు చెల్లించడంతో బ్యాంకు బాధ్యత తీరుతుంది. వారసుల మధ్య లెక్క ఇంటిలో మిగిలే ఉంటుంది.

మన ఉదాహరణలో ఆ లెక్క వేసి చూతము. వడ్డీని ప్రక్కన ఉంచితే మొత్తం 7,20,000 రూపాయలు. ఆ కుటుంబం ముస్లిం కుటుంబమనీ, ఉపాధ్యాయుని తల్లిదండ్రులు జీవించి లేరనీ, వీలునామా లేదనీ, అంత్యక్రియల ఖర్చులు, అప్పులు, చెల్లించవలసిన మహర్ తీరిపోయినవనీ అనుకొందాము. సంతానం ఉన్న భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 90,000 రూపాయలు. మిగిలిన 6,30,000లో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. కనుక అతనికి 4,20,000, ఆమెకు 2,10,000. అదే కుటుంబం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తించేదైతే భార్యకు, కుమారునికి, కుమార్తెకు సమానంగా తలా 2,40,000 రూపాయలు. బ్యాంకు గుమాస్తా ఈ లెక్కలు వేయడు, వేయవలసిన పని లేదు. అతడు 7,20,000 రూపాయలూ తల్లి చేతికే ఇస్తాడు. తన వాటా ఏదని కుమార్తె అడిగితే తల్లినే అడగాలి గాని బ్యాంకును అడగరాదు.

ఖాతాలో నామినీ పేరు వ్రాశాము గదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఉమ్మడి ఖాతాలో నామినీ వంతు ఖాతాదారులు ఇద్దరూ మరణించిన తరువాతనే వస్తుంది. ఒకరు బ్రతికి ఉన్నంతవరకు నామినీకి బ్యాంకు ఏమీ చెల్లించదు. 2025 నవంబరు 1 నుండి ఒక డిపాజిట్‌కు నలుగురి వరకు నామినీలను పెట్టుకొనవచ్చును, ఎవరికి ఎంత పాలు అన్నది కూడా వ్రాయవచ్చును. అయినా నామినీ కూడా అందుకొనేవాడే గాని సొంతదారు కాడని 2010లో తల్వార్ కుటుంబపు వ్యాజ్యంలో సుప్రీం కోర్టు తేల్చి చెప్పినది.

ఈ రెండు పద్ధతుల నడుమ ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అనే మరొక గడి ఉన్నది. దానిలో మొదటి పేరుగలవారే తమ జీవితకాలంలో ఖాతా నడుపుతారు. వారి తదనంతరం రెండవవారు. వృద్ధాప్యంలో తమ సొమ్ము తమ చేతిలోనే ఉండాలి, తరువాత ఇబ్బంది లేకుండా ఒక బిడ్డకు అందాలి అనుకొనే తల్లికి గాని తండ్రికి గాని ఇది ఐదర్ ఆర్ సర్వైవర్ కంటె నయం. గల్ఫ్ దేశాలలో ఉన్నవారు ఇక్కడి దగ్గరి బంధువుతో కలిసి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిస్తే నిబంధనల ప్రకారం ఉండవలసినదీ ఈ పద్ధతే. అటువంటి ఖాతాను బంధువు నడపాలంటే ప్రత్యేకంగా అధికారపత్రం ఇవ్వాలి.

మీ ఇంట్లో ఏ పద్ధతి ఉన్నదో తెలుసుకొనడానికి ఎవరినీ అడుగనక్కరలేదు. పాసుబుక్కు మొదటి పుటలో పేర్ల క్రింద, డిపాజిట్ రసీదులో గడువు తేదీ పరిసరాలలో ఆ మాట అచ్చువేసి ఉంటుంది. అది ఏదని చూచిన తరువాత, మార్పు కావాలంటే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్ళి ఒకే ఫారం మీద సంతకాలు చేయాలి. డిపాజిట్ రసీదు ఉన్నవారు ముందస్తు చెల్లింపునకు పైన చెప్పిన ఉమ్మడి ఆదేశం తమ ఫారంలో ఉన్నదో లేదో కూడా అదే రోజున అడిగి, లేకపోతే వ్రాసి ఇచ్చి, బ్యాంకు ముద్ర వేసిన నకలును రసీదుతో జతపరచి ఉంచుకొనాలి.